స్కానింగ్ నార్మల్, నొప్పి మాత్రం పోలేదు

“ఆదోనిలో బట్టల షాపులో నిలబడే పని. మధ్యాహ్నానికి పొత్తికడుపు బరువెక్కి లాగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ముగ్గురు పిల్లలు. స్కానింగ్ నార్మల్ అన్నారు.”

అక్కా, ఆ స్కానింగ్ పడుకోబెట్టి తీసిందేగా? పడుకుంటే ఉబ్బిన సిరలు ఖాళీ అవుతాయి, అందుకే దొరక్కపోవచ్చు. కాన్పుల తర్వాత అండాశయ సిరల్లో కవాటాలు వదులై, నిలబడితే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. దీన్నే పెల్విక్ కంజెషన్ అంటారు.

కర్నూలులో గైనకాలజిస్టుకు చూపించి, రక్తం ఎటు పారుతోందో చూపే, యోని ద్వారా చేసే డాప్లర్ స్కానింగ్ గురించి అడుగు. ముక్కమన్నప్పుడు, వీలైతే నిలబెట్టి కూడా చూడాలి. అండాశయ సిర సుమారు 6 మిల్లీమీటర్లు దాటి, రక్తం వెనక్కి పారుతుంటే అనుమానం బలపడుతుంది. తేలకపోతే ఎమ్మారైతో సిరలను చూసే ఎమ్మార్ వీనోగ్రఫీ. సిరలోకి సన్నని గొట్టం పంపి ఎక్స్‌రేలో చూసే కేథటర్ వీనోగ్రామ్ చివరి మాట, అది అందరికీ అక్కర్లేదు.

ఒక్కటి: నొప్పే లేని ఆడవాళ్లలోనూ ఇలాంటి సిరలు కనిపిస్తాయి. కాబట్టి గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ లాంటివి కాదని తేల్చాకే వీటి మీద నింద వేయాలి.