టెక్ సందేహాలు: క్లయింట్ల పాస్‌వర్డ్‌లు మన దగ్గర లేకుండానే యాడ్స్ ఖాతాలు నడిపేదెలా?

ప్రశ్న: నల్గొండలో చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ నడుపుతున్నాను. మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, గద్వాల కలిపి 14 మంది క్లయింట్ల గూగుల్ యాడ్స్ చూస్తున్నాం. అందరి జీమెయిల్ పాస్‌వర్డ్‌లూ ఒక ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి, మా ముగ్గురు ఉద్యోగులూ అవే వాడుతున్నారు. వారిలో ఒకరు వచ్చే నెల మానేస్తున్నారు. మేనేజర్ అకౌంట్ పెట్టుకోమని అందరూ అంటున్నారు. దాన్ని ఎలా కట్టుకోవాలి, ఎవరికి ఏ పర్మిషన్ ఇవ్వాలి?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముందుగా ఆ ఎక్సెల్ షీట్‌లో అసలు ఏముందో చూడండి. అందులో ఉన్నవి యాడ్స్ పాస్‌వర్డ్‌లు కావు, క్లయింట్ల జీమెయిల్ పాస్‌వర్డ్‌లు. మీ క్లయింట్లలో మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని ఒకరనుకుందాం. ఆయన బ్యాంకు మెయిళ్లు, ఫోటోలు, ఫోన్ బ్యాకప్ కూడా ఆ తాళంతోనే తెరుచుకుంటాయి. అనేక యాడ్స్ ఖాతాలను ఒకే చోట నుంచి చూసుకునే మేనేజర్ అకౌంట్‌లో ఈ అవసరమే రాదు. మీకు మీ సొంత లాగిన్ ఉంటుంది, క్లయింట్ ఖాతా మీ మేనేజర్ ఖాతాకు లింక్ అవుతుంది, ఆ లింకును ఆయన ఎప్పుడైనా తెంచుకోగలుగుతారు.

మీలాంటి ఏజెన్సీకి రెండంతస్తుల నిర్మాణం సరిపోతుంది. పైన ఏజెన్సీ పేరుతో ఒక ప్రధాన మేనేజర్ ఖాతా, దాని కింద రెండు ఉప మేనేజర్ ఖాతాలు, వాటి కింద క్లయింట్ల ఖాతాలు. గూగుల్ ఆరు అంతస్తుల దాకా అనుమతిస్తుంది గానీ 14 మంది క్లయింట్లకు అంత అవసరం లేదు. ఇక్కడ తెలుసుకోవలసిన సూత్రం ఒక్కటే. ఒక మేనేజర్ ఖాతాలో ఎవరికైనా ఏ స్థాయి అనుమతి ఇస్తే, ఆ స్థాయి దాని కింద ఉన్న ఖాతాలన్నిటికీ వర్తిస్తుంది. కాబట్టి ప్రధాన ఖాతాలో ఒక ఉద్యోగిని స్టాండర్డ్ స్థాయిలో చేర్చారంటే, ఆయనకు 14 ఖాతాలూ అప్పగించినట్టే. ఉప మేనేజర్‌లో మాత్రమే చేర్చితే, ఆయనకు దాని కింద ఉన్నవే కనబడతాయి.

ఉప మేనేజర్లను జిల్లాల వారీగా విడదీయాలనే ఆలోచన చాలామందికి వస్తుంది. నా సలహా వేరు: ఎవరు పని చేస్తారన్నదాన్ని బట్టి విడదీయండి. మీ దగ్గర ఒకరు దుకాణాలు, షోరూముల ప్రకటనలు చూస్తూ, మరొకరు ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లు చూస్తూ ఉంటే, ఆ రెండే మీ ఉప మేనేజర్లు. వాటికి ఉద్యోగి పేరు పెట్టకండి, ఉద్యోగి మారితే పేరు అబద్ధమవుతుంది. ‘రిటైల్’, ‘సేవలు’ అని పెట్టుకోండి. ఒక మేనేజర్ ఖాతాకు నేరుగా పైన ఒకే ఒక్క మేనేజర్ ఉండగలదు కాబట్టి ఈ కొమ్మలు ఒకదానితో ఒకటి చిక్కుపడవు.

ఇక అనుమతి స్థాయిలు. అడ్మిన్ స్థాయిలో ఉన్నవారు మనుషులను చేర్చగలరు, తీసేయగలరు, లింకు అభ్యర్థనలను అంగీకరించగలరు. ప్రధాన ఖాతాలో ఈ స్థాయి మీకూ, మీకు బాగా నమ్మకమున్న మరొకరికీ మాత్రమే ఉండాలి. ఇద్దరెందుకంటే, మీ ఫోన్ పోయి లాగిన్ ఆగిపోయిన రోజున తలుపు తీయడానికి రెండో మనిషి కావాలి. ప్రచారాలు నడిపే ఉద్యోగులకు స్టాండర్డ్ చాలు. దానితో ప్రకటనలు, కీవర్డ్‌లు, బడ్జెట్‌లు అన్నీ మార్చవచ్చు, కొత్త మనుషులను మాత్రం లోపలికి తేలేరు. నెలాఖరున రిపోర్టులు తీసే వారికి రీడ్ ఓన్లీ, లెక్కలు రాసే అకౌంటెంట్‌కు బిల్లింగ్ స్థాయి ఇవ్వండి. అయిదోది ఈమెయిల్ ఓన్లీ, అది కేవలం సూచనల మెయిళ్లు అందుకోవడానికి.

స్టాండర్డ్ స్థాయి గురించి కాస్త నిలబడి మాట్లాడుకోవాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ‘ఇంతకు మించి బడ్జెట్ పెంచకూడదు’ అనే హద్దు ఈ స్థాయిలో ఎక్కడా పెట్టలేము. ఉదాహరణకు దసరాకు ముందు గద్వాల చీరల దుకాణం ప్రచారానికి రోజు బడ్జెట్ 500 రూపాయలు ఉందనుకోండి. మీ ఉద్యోగి తొందరలో ఒక సున్నా ఎక్కువ కొట్టి 5,000 చేశాడు. గూగుల్ ఒక రోజున సగటు రోజు బడ్జెట్‌కు రెట్టింపు దాకా ఖర్చు పెట్టగలదు, నెల మొత్తం మీద మాత్రం ఆ బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటదు. అంటే వెయ్యి రూపాయలకు మించకూడని రోజు, పది వేల దాకా పోవచ్చు. ఏ పర్మిషన్ స్థాయీ దీన్ని ఆపదు. ఆపగలిగేది చెల్లింపు పద్ధతి. చిన్న క్లయింట్లను ముందుగా డబ్బు వేసుకునే మాన్యువల్ పేమెంట్ పద్ధతిలో ఉంచితే, ఖాతాలో ఉన్నంతే పోతుంది, ఆ తర్వాత ప్రకటనలు ఆగిపోతాయి. ఆ డబ్బు క్లయింట్ తన కార్డు నుంచో, యూపీఐ నుంచో తానే వేసుకోవాలి. మీ కార్డుతో అందరికీ కట్టి తర్వాత వసూలు చేసుకోవడం సౌకర్యంగా కనబడుతుంది గానీ, ఒక ఖాతా తీవ్రమైన ఉల్లంఘన కింద సస్పెండ్ అయితే దానితో సంబంధమున్న ఇతర ఖాతాలనూ ఆపే అధికారాన్ని గూగుల్ తన దగ్గర ఉంచుకుంది. ఒకే చెల్లింపు ప్రొఫైల్ అలాంటి సంబంధానికి స్పష్టమైన గుర్తు.

ఇప్పుడు మార్చే క్రమం చెబుతాను. మిర్యాలగూడ రైస్ మిల్లును మొదటిదిగా తీసుకుందాం. ఆయన యాడ్స్ ఖాతా పైన పది అంకెల నంబరు `123-456-7890` అనే రూపంలో కనబడుతుంది, దాన్ని అడిగి తీసుకోండి. మీ ‘రిటైల్’ ఉప మేనేజర్ తెరిచి, ఉప ఖాతాల సెట్టింగ్స్‌లో ప్లస్ గుర్తు నొక్కి, ఉన్న ఖాతాను లింక్ చేసే `Link existing account` ఎంచుకొని ఆ నంబరు ఇచ్చి అభ్యర్థన పంపండి. ఆయన తన ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో తన ఖాతాలోకి వెళ్లి `Admin`, ఆ తర్వాత `Access and security`, అందులో `Managers` ట్యాబ్‌లో అభ్యర్థనను అంగీకరించాలి. అడ్మిన్ స్థాయి ఉన్న లాగిన్‌తోనే ఇది సాధ్యం. పక్కనుండి చెప్పినా సరే, ఆయన చేత్తోనే చేయించండి. ఏ ఏజెన్సీకి దారి ఇచ్చారో, ఎక్కడ మూయాలో ఆయనకు తెలియడం ముఖ్యం.

మీ ఉద్యోగి ఉప మేనేజర్ ద్వారా ఆ ఖాతా తెరిచి ఒక చిన్న మార్పు చేయగలిగాడని రూఢి అయ్యాకనే, రైస్ మిల్లు యజమాని తన జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చుకొని రెండంచెల ధ్రువీకరణ తన ఫోన్ మీద పెట్టుకోవాలి. ఈ వరుస తప్పితే మధ్యలో ప్రచారాలు ఎవరి చేతిలోనూ లేకుండా పోతాయి. అలా 14 పూర్తయ్యాక ఎక్సెల్ షీట్‌ను కంప్యూటర్ నుంచే కాక గూగుల్ డ్రైవ్, వాట్సాప్ గ్రూపు, మెయిల్ అటాచ్‌మెంట్ల నుంచి కూడా తొలగించండి. పాస్‌వర్డ్‌లు ఎలాగూ మారిపోతాయి గానీ, మారని ఒక్కటీ ఎక్కడో ఉండిపోతుంది.

మానేస్తున్న ఉద్యోగి విషయానికి వస్తే, ఆయన్ను ఉప మేనేజర్ నుంచి తీసేస్తే దాని కింది ఖాతాలన్నిటికీ ఒక్కసారిగా దారి మూసుకుంటుంది. కానీ రెండు సందులు మిగులుతాయి. పాత రోజుల్లో ఆయన సొంత జీమెయిల్‌ను ఏదైనా క్లయింట్ ఖాతాలో నేరుగా చేర్చి ఉంటే, మీరు పైన తీసేసినా అది పోదు. ప్రతి ఖాతాలో `Access and security`లోని `Users` ట్యాబ్ తెరిచి ఒక్కొక్క ఈమెయిల్‌నూ చదవక తప్పదు. రెండోది చెల్లింపు ప్రొఫైల్. అందులో వాడుకదారుల జాబితా వేరుగా ఉంటుంది, యాడ్స్ నుంచి తీసేసినంత మాత్రాన అక్కడి నుంచి పోరు. ఇంకొక మాట: బడ్జెట్ దాటితే ప్రచారాన్ని ఆపే స్క్రిప్టు లాంటిదేదైనా ఆయన లాగిన్‌తో అనుమతి పొంది నడుస్తుంటే, ఆయన పోయిన రోజు నుంచి అది విఫలమవుతుంది. దాన్ని ముందే మీ లాగిన్‌తో మళ్లీ ఆథరైజ్ చేయండి.

చివరగా ప్రధాన ఖాతా గురించి. అది 14 మందికీ ఒకే తాళం కాబట్టి మోసగాళ్ల కన్ను దానిమీదే ఉంటుంది. గూగుల్ యాడ్స్ లాగిన్ పేజీలా కనబడే నకిలీ పేజీలు, ‘మీకు కొత్త క్లయింట్ ఖాతాకు ఆహ్వానం’ అనే మెయిళ్లు వస్తాయి. మెయిల్‌లోని లింకు నొక్కకుండా, చిరునామాను `ads.google.com` అని మీరే టైప్ చేసుకొని లోపలికి వెళ్లి చూడండి, ఆహ్వానం నిజమైతే అక్కడా ఉంటుంది. ఉద్యోగులకు సొంత డొమైన్‌తో ఈమెయిల్ ఇచ్చి, సెక్యూరిటీ ట్యాబ్‌లో అనుమతించే డొమైన్‌గా దాన్ని మాత్రమే ఉంచితే, బయటి జీమెయిల్‌ను ఎవరూ ఆహ్వానించలేరు. అందరూ జీమెయిల్‌తోనే పని చేస్తుంటే ఈ రక్షణ వల్ల ఉపయోగం లేదు. వారానికొకసారి చేంజ్ హిస్టరీ చూస్తూ ఉండండి. మీవారెవరూ పని చేయని అర్ధరాత్రి వేళ కొత్త ప్రచారం పుట్టినా, తెలియని ఈమెయిల్ అడ్మిన్‌గా చేరినా అక్కడ కనబడుతుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మాకు టైల్స్ షోరూం ఉంది. ఏజెన్సీ మార్చాలనుకుంటున్నాం. పాత ఏజెన్సీవారు ‘ఖాతా మేమే తెరిచాం, అది మాది’ అంటున్నారు. రెండేళ్ల డేటా మాకు రాదా?
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: మేనేజర్ ఖాతా లోపలి నుంచి కొత్త ఖాతా తెరిస్తే, దాని యాజమాన్య హక్కు మామూలుగా ఆ మేనేజర్‌కే ఉంటుంది, కాబట్టి వారి మాటలో సగం నిజముంది. అయితే వారు మీ ఈమెయిల్‌ను ఆ ఖాతాలోనే అడ్మిన్‌గా చేర్చగలరు. మీరడగవలసింది అదే, ‘డేటా ఇవ్వండి’ అని కాదు. మీరు అడ్మిన్ అయ్యాక కొత్త ఏజెన్సీ పంపే అభ్యర్థనను మీరే అంగీకరించవచ్చు. ఒక ఖాతా ఒకేసారి అయిదు మేనేజర్ల దాకా నేరుగా లింక్ అయి ఉండగలదు, కాబట్టి కొత్తవారు పని అందుకున్నాకనే పాతవారి లింకు తీసేయండి. ఖాతా నంబరు, పాత ప్రచారాలు, చరిత్ర అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

లింకు తీసే ముందు కన్వర్షన్ల పేజీ తెరిచి, ఫోన్ కాల్స్, ఎంక్వైరీ ఫారాల లెక్క మీ ఖాతాలో తయారైనదా, పాత ఏజెన్సీ మేనేజర్ ఖాతా నుంచి వస్తున్నదా చూడండి. మేనేజర్ నుంచి వస్తుంటే లింకు తెగిన రోజే ఆ లెక్క మీకు ఆగిపోతుంది, వెబ్‌సైట్‌లో కొత్త ట్యాగ్ ముందుగా పెట్టించాలి. మీ సైట్ చూసి వెళ్లినవారికి మళ్లీ ప్రకటనలు చూపడానికి వారు పంచుకున్న రీమార్కెటింగ్ జాబితాలదీ ఇదే పరిస్థితి. ఒకవేళ మీ షోరూం ప్రచారాలను వేరే దుకాణాల ప్రచారాలతో కలిపి ఒకే ఖాతాలో నడిపి ఉంటే మాత్రం, మీ భాగాన్ని చరిత్రతో సహా విడదీసి ఇవ్వడానికి దారి లేదు. కీవర్డ్‌లు, ప్రకటనల పాఠాలు, రిపోర్టులు ఫైళ్లుగా దించుకొని మీ పేరుతో కొత్త ఖాతా తెరవాల్సిందే.