ఇయర్ ఎండ్‌లో సేల్స్, పర్చేజ్ కటాఫ్ ఎలా చెక్ చేయాలి?

ప్రశ్న: చెన్నైలో ఒక సీఏ ఆఫీసులో ఆర్టికల్‌షిప్‌లో చేరాను. అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీ ఆడిట్‌కి పంపారు. "మార్చి చివరి ఐదు బిల్లులు, ఏప్రిల్ మొదటి ఐదు బిల్లులు తీసి కటాఫ్ చూసెయ్" అన్నారు మా సీనియర్. తీశాను, తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంకా ఏం చూడాలి? కాస్త మొదటి నుంచి చెప్పగలరా?

జవాబు:

బిల్లు మీద తేదీ, లెడ్జర్‌లో తేదీ కలిశాయా అని మాత్రమే చూసి ఉంటే కటాఫ్ టెస్టింగ్ ఇంకా మొదలవలేదు. బిల్లు చూసే ఎంట్రీ వేస్తారు కాబట్టి ఆ రెండూ ఎలాగూ కలుస్తాయి. తెలుసుకోవాల్సింది మార్చి 31 రాత్రికి ఆ సరుకు ఎవరిది అన్నది. నేనూ చెన్నైలోనే ఆర్టికల్‌షిప్ చేశాను, శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు ఫ్యాక్టరీలే ఎక్కువ చూశాను. కాబట్టి అలాంటి చోట ఎలా చేయాలో చెప్తాను.

ముందు పెద్ద కస్టమర్ల పర్చేజ్ ఆర్డర్లు తీసి డెలివరీ షరతు చదవండి. ఎక్స్-వర్క్స్ అయితే మామూలుగా ఫ్యాక్టరీలో సరుకు అప్పగించగానే అమ్మకం అయిపోయినట్టే. ఎఫ్ఓఆర్ డెస్టినేషన్ అయితే కస్టమర్ గోడౌన్‌కి చేరేదాకా సరుకు మన కంపెనీదే, దారిలో లారీ బోల్తా పడితే నష్టం కూడా మనదే. ఇది తెలియకుండా ఎన్ని బిల్లులు తిరగేసినా తప్పేదో ఒప్పేదో తేల్చలేరు.

ఒక లెక్క చూద్దాం. పుణెలోని కస్టమర్‌కి ఎఫ్ఓఆర్ డెస్టినేషన్ మీద 8 లక్షల అమ్మకం, జీఎస్టీ కాకుండా. తయారీ ఖర్చు 6 లక్షలు. ఇన్‌వాయిస్ మార్చి 30న, లారీ రసీదు 31న. కస్టమర్ స్టాంపు వేసి సంతకం పెట్టిన డెలివరీ కాపీ మీద ఏప్రిల్ 3 అని ఉంది. బిల్లు మార్చిదే, ఎంట్రీ మార్చిదే, అమ్మకం మాత్రం ఏప్రిల్‌ది. కాబట్టి మార్చి సేల్స్‌లోంచి, డెటార్స్‌లోంచి 8 లక్షలు తీసేయాలి, 6 లక్షలు దారిలో ఉన్న సరుకుగా స్టాకులో కలపాలి. లాభం 2 లక్షలు తగ్గుతుంది.

ఇప్పుడు అదే సరుకు 31న గేటే దాటలేదనుకోండి. బిల్లు కొట్టేశారు, పెట్టెలు మాత్రం యార్డులోనే ఉన్నాయి, స్టాకు లెక్కపెట్టినవాళ్లు వాటినీ లెక్కలో వేశారు. అప్పుడు 6 లక్షలు స్టాకులో ముందే ఉన్నాయి, సేల్స్ 8 లక్షలు తీసేయడమే మిగులుతుంది. లాభం ఏకంగా 8 లక్షలు పడిపోతుంది. అందుకే బిల్లు, సరుకు కదలిక, స్టాకు లిస్టు మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇక్కడ అకౌంటెంట్ తప్పకుండా ఒక మాట అంటారు: "సార్, మార్చి జీఎస్‌టీఆర్-1లో చూపించేశాం కదా!" నిజమే. జీఎస్టీ మార్చి ఇన్‌వాయిస్ ప్రకారమే కట్టాలి, దాన్ని కదపక్కర్లేదు, క్రెడిట్ నోటూ అడగక్కర్లేదు. పుస్తకాల్లో ఆదాయం ఎప్పుడు చూపాలన్నది ఇండ్ ఏఎస్ 115 వర్తించే కంపెనీల్లో కంట్రోల్ చేతులు మారడం బట్టి, మిగతా చోట్ల ఏఎస్ 9 ప్రకారం రిస్కులు, రివార్డులు బదిలీ కావడం బట్టి ఉంటుంది. ఆ 8 లక్షల తేడాని జీఎస్టీ టర్నోవర్ రీకన్సిలియేషన్‌లో ఒక లైనుగా చూపిస్తే సరిపోతుంది.

డెలివరీ కాపీ అడిగితే కొందరు ఈ-వే బిల్లు ఇస్తారు. దాన్ని పుచ్చుకుని వచ్చేయకండి. అది సరుకు బయల్దేరడానికి ముందు తీసే కాగితం. చేరిందని అది చెప్పదు.

కొనుగోళ్ల దగ్గర దిశ తిరగబడుతుంది. సేల్స్‌లో మన భయం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తారని, అందుకే మార్చి సేల్స్ రిజిస్టర్ నుంచి మొదలుపెట్టి కాగితాల దాకా వెళ్తాం. పర్చేజ్‌లో భయం రాయకుండా వదిలేస్తారని. రాయనిది పర్చేజ్ రిజిస్టర్‌లో ఎంత వెతికినా దొరకదు కదా, కాబట్టి మార్చి చివరి రోజుల గేట్ ఇన్‌వర్డ్ రిజిస్టర్, సరుకు అందిందని స్టోర్స్ వాళ్లు వేసే జీఆర్ఎన్‌లు ముందేసుకుని అక్కడి నుంచి పుస్తకాల్లోకి రండి. ఏప్రిల్‌లో బుక్ చేసిన బిల్లులు కూడా తీసి, వాటిలో మార్చిలోనే లోపలికి వచ్చిన సరుకు ఉందా చూడండి.

ఎక్కువగా దొరికేది ఇలా ఉంటుంది. 5 లక్షల స్టీలు మార్చి 31 సాయంత్రం గేటు లోపలికి వచ్చింది. క్వాలిటీ వాళ్లు చూశాక జీఆర్ఎన్ ఏప్రిల్ 2న వేశారు, పర్చేజ్ ఏప్రిల్‌లో పడింది. రొటీన్ ఇన్‌స్పెక్షన్ కోసం ఆగినంత మాత్రాన అది ఏప్రిల్ కొనుగోలు అయిపోదు. ఆ స్టీలు స్టాకు లెక్కలో చేరి, పర్చేజ్ మాత్రం రాయకపోతే లాభం 5 లక్షలు ఎక్కువ కనిపిస్తుంది. రెండిట్లోనూ లేకపోతే లాభం మారదు, కానీ బ్యాలెన్స్ షీట్‌లో స్టాకు, క్రెడిటార్స్ రెండూ 5 లక్షలు తక్కువ పడతాయి. లాభం మారలేదు కదా అని వదిలేయకుండా అదీ నోట్ చేయండి.

గేట్ రిజిస్టర్ గురించి కొంచెం. చెన్నై వైపు సెక్యూరిటీ వాళ్లు దాన్ని తరచూ తమిళంలో రాస్తారు. కంగారు పడకండి, మీకు కావాల్సిన తేదీ, టైము, బండి నంబరు అంకెల్లోనే ఉంటాయి. నేను చూసిన ఒక ప్లాంట్‌లో మాత్రం పేజీ తేదీ అర్ధరాత్రికి కాకుండా పొద్దున ఆరింటికి, షిఫ్ట్ మారినప్పుడు మారేది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున రెండింటికి వెళ్లిన లారీ మార్చి 31 పేజీలోనే ఉంది. కాబట్టి పేజీ పైన తేదీతో ఆగకుండా టైము కాలమ్ కూడా చదవండి. వచ్చే ఏడాది స్టాకు లెక్కింపుకి మిమ్మల్నే పంపితే ఆ రోజే చివరి జీఆర్ఎన్, చివరి ఇన్‌వాయిస్, గేట్ రిజిస్టర్ చివరి సీరియల్ నంబర్లు రాసుకోండి, యార్డులో లోడై నిలబడ్డ బండ్ల నంబర్లు కూడా. తర్వాత ఎవరూ వెనక తేదీ బిల్లు దూర్చలేరు.

ఐదూ ఐదూ అన్నది అలవాటు, రూలు కాదు. గిండీలో ఉన్న కస్టమర్‌కి సరుకు అదే రోజు చేరిపోతుంది, చివరి ఒకటి రెండు రోజుల బిల్లులు చాలు. పుణె, గురుగ్రామ్‌లకి ఎఫ్ఓఆర్ మీద వెళ్లేవాటికి ప్రయాణం ఎన్ని రోజులో అన్ని రోజులు వెనక్కి వెళ్లాలి, అందులో పెద్ద మొత్తాలవి ముందు తీయాలి. మీ సీనియర్‌కి ఇదే చెప్పి శాంపిల్ మార్చమని అడగండి, కాదనరు.

వాళ్లు ఎస్ఏపీ వాడుతుంటే సరుకు కదలికలన్నీ చూపించే MB51 రిపోర్టు తీయించుకోండి. అందులో పోస్టింగ్ తేదీ మార్చి 31 ఉండి, ఎంట్రీ తేదీ ఏప్రిల్ 5 ఉన్న లైన్లు విడిగా తీసి కారణం అడగండి. అన్నీ మోసాలు కావు, చాలావరకు ఆలస్యంగా వేసిన ఎంట్రీలే. కానీ అడగాల్సిందే.

ఆఖరుగా ఏప్రిల్, మే క్రెడిట్ నోట్లు తిరగేయండి. మార్చి ఆఖరి వారంలో వేసిన పెద్ద బిల్లు ఏప్రిల్ మధ్యలో మొత్తం రిటర్న్ వచ్చిందంటే, కస్టమర్ ఆ సరుకు నిజంగా ఆర్డర్ ఇచ్చాడా అన్న ప్రశ్న వస్తుంది. ఆ పర్చేజ్ ఆర్డర్ తేదీ ఏమిటి, రిటర్న్ లారీ గేట్ ఇన్‌వర్డ్‌లో ఉందా అని చూడండి. రెండూ లేకపోతే మీరు తేల్చబోకండి, కాగితాలు తీసుకుని నేరుగా సీనియర్ దగ్గరికి వెళ్లండి.