‘అనుకున్నాం’ అంటే ఊహించామనా, ఒప్పుకున్నామనా?

సందేహం: మా జీడిపిక్కల షెడ్డు పని మొదలెట్టే ముందు అందరం కూర్చున్నాం. మినిట్స్ నేనే రాశాను. “జనవరి 31 నాటికి త్రీ ఫేజ్ కరెంటు వస్తుందని అనుకున్నాం” అన్న వాక్యం మీద ఇప్పుడు గొడవ. మిషన్లు ఇచ్చే పలాస ఆయన అది సంఘం ఇచ్చిన మాట అంటాడు. సంఘం వాళ్ళు వట్టి ఊహ అంటారు. ఒడియా కాపీ రాసిన అబ్బాయి ‘భాబిలు’ అని పెట్టాడు. నా తెలుగు తప్పా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: తెలుగు తప్పు కాదమ్మా. ఆ మాటకు రెండు ముఖాలున్నాయి, మీ గదిలో ఇద్దరు చెరో ముఖం చూశారు.

‘అను’ ధాతువుకి ‘కొను’ చేరితే అనుకొను. తనలో తాను అనుకుంటే అది ఊహ: “ఈ రోజు రాడనుకున్నాను.” నలుగురూ ఒకరితో ఒకరు అనుకుంటే అది ఒప్పందం: “పెళ్ళి మాఘంలో అనుకున్నారు.” రూపం ఒక్కటే. ఎదురుగా కూర్చున్నప్పుడు గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. కాగితానికి గొంతు లేదు. ఒడియా రాసిన అబ్బాయికి ఈ వెసులుబాటు కూడా లేకపోయింది. ‘ఠిక్ హేలా’ అంటే ఖాయమైందని, ‘భాబిలు’ అంటే అనుకున్నామని, అంటే తలిచామని. రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పలేదు. మన వాక్యంలో దాగిన చిక్కు అలా పక్క భాషలో బయటపడింది.

ఎంచుకోవడంలో అతను పొరబడలేదనే నా అభిప్రాయం. ‘అనుకున్నాం’కి ముందున్న క్రియ చూడండి. “దరఖాస్తు పెడదామని అనుకున్నాం” అంటే పెట్టేది మనమే, కనక అది నిర్ణయం. “కరెంటు వస్తుందని అనుకున్నాం” అంటే ఇచ్చేది ఆ గదిలో లేని కరెంటు కంపెనీ. మన చేతిలో లేనిదాన్ని మనం నిర్ణయించలేం, దాని మీద లెక్క వేసుకోగలం అంతే. ప్రాజెక్టుల వాళ్ళు అజంప్షన్ అనేది దీన్నే. ‘ఊహ’ అని రాస్తే ఏదో గాలిమాటలా ఉంటుంది. నేనైతే మన ఇళ్ళలో వాడే ‘లెక్క’ అనే మాటే పెడతాను: “వస్తుందన్న లెక్కతో తేదీలు వేశాం.”

అలాగని సంఘం వాళ్ళు చేతులు దులుపుకోవడానికి లేదు. కరెంటు రావడం లెక్కే కావచ్చు, దానికి దరఖాస్తు పెట్టి డిపాజిట్టు కట్టడం మాత్రం ఎవరో ఒకరి పని. ఆ ఎవరో మీ వాక్యంలో లేరు. పలాస ఆయన కోపానికి అసలు కారణం ఇదే అయి ఉంటుంది. కోత మిషన్లు దింపి, బిగించి, తిప్పి చూశాకే మార్చిలో పిక్కలు దిగాలి. ఒక్క వాక్యం మూడు బరువులు మోసింది. విడదీస్తే ఇలా ఉంటుంది (మీరు ఒప్పుకున్నవేవో నాకు తెలియవు, ఇది నమూనా మాత్రమే):

“జనవరి 31 సాయంత్రానికి త్రీ ఫేజ్ కరెంటు వస్తుందన్న లెక్కతో మిగతా తేదీలు వేశాం. దరఖాస్తు, డిపాజిట్టు, వారం వారం ఆఫీసుకెళ్ళి కనుక్కోవడం సంఘం కార్యదర్శి చేస్తారు. ఫిబ్రవరి 10కీ రాకపోతే మిషన్లు పలాసలోనే ఉంటాయి, ఆ అద్దె సంఘం ఇస్తుంది.”

మొదటిది లెక్క, రెండోది బాధ్యత, మూడోది రిస్కు. రిస్కుని ‘ప్రమాదం’ అని రాసేవాళ్ళున్నారు. సంస్కృతంలో ఆ మాటకి ఏమరుపాటు అని అర్థం, తెలుగులో యాక్సిడెంటు. రెండూ ఇక్కడ అతకవు. రిస్కు అనే రాయండి, అందరికీ తెలుసు.

‘31 నాటికి’ని ‘31 సాయంత్రానికి’ చేశాను, గమనించారా? ‘లోపు’, ‘నాటికి’ అన్నప్పుడు 31 కలుస్తుందా లేదా అని తర్వాత తగువులాడుకుంటారు. ‘మనం’, ‘మేము’ కూడా మినిట్స్‌లో వద్దు. మాట్లాడేటప్పుడు ఆ తేడా మన భాషకున్న సొగసు, కానీ సంఘం ఫైల్లోనూ పలాస కొట్లోనూ చదివే కాగితంలో ‘మేము’ ఎవరు?

గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరి నుంచి అడిగారు కనక ఒక మాట. ఇదంతా వాడుక భాష తెచ్చిన తంటా, గ్రాంథికంలో రాసి ఉంటే పోయేది అనుకోకండి. “దరఖాస్తు చేయబడును” అంటే ఎవరి చేత? అందులోనూ కార్యదర్శి మాయమే.

సంతకాలైన పాత కాగితాన్ని మాత్రం కొట్టివేయకండి, మధ్యలో ఇరికించి రాయకండి. వచ్చే మీటింగులో పాత మినిట్స్ చదివి ఆమోదించేటప్పుడు ఈ వాక్యం ఎత్తండి. సవరణని ఆ రోజు మినిట్స్‌లో కొత్తగా రాసి, పలాస ఆయన చేతా సంతకం పెట్టించండి. ఒడియా కాపీలో ‘భాబిలు’ ఉండనివ్వండి. దాని కింద కార్యదర్శి పని గురించిన వాక్యానికి ‘ఠిక్ హేలా’ చేర్చమని ఆ అబ్బాయికి చెప్పండి.