పర్సంటైల్ సంగతి తర్వాత, ముందు చెవి చూపించండి

ప్రశ్న: మా బాబుకి 9 ఏళ్లు. ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి. చదవడంలో బాగా వెనకబడ్డాడని స్కూల్లో చెబితే ఏడు నెలల క్రితం హైదరాబాద్‌లో టెస్టు చేయించాం. ఐక్యూ 99 అన్నారు. కానీ లోపల పర్సంటైల్ 13, 18 అని ఉన్నాయి. అంటే వందకి 13 మార్కులేనా? చదవడం, స్పెల్లింగ్ రెండో తరగతి స్థాయిలో ఉన్నాయట. వేరేచోట మళ్లీ టెస్టు చేయించమంటారా? తెలుగు మీడియంలోకి మారిస్తే సర్దుకుంటాడా? జలుబు చేసినప్పుడల్లా చెవి కారుతుంది, చుక్కల మందు వేస్తే తగ్గిపోతుంది. అంతకుమించి ఏ జబ్బూ లేదు. రిపోర్టు పంపుతున్నాను.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన విషయం దగ్గరే నేను ఆగిపోయాను. జలుబు చేసినప్పుడల్లా చెవి కారే పిల్లాడికి ఏ జబ్బూ లేదని ఎలా అనుకున్నారు? రిపోర్టు చివరి పేజీలో సిఫార్సులున్నాయి కదా, అందులో మొదటి లైను చూడండి. చూపు, వినికిడి పరీక్షలు చేయించాలని రాశారు. ఏడు నెలలైంది. చేయించినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇది వేరే గొడవ, చదువు గొడవ వేరే అనుకోకండి. మీరు భయపడుతున్న రెండు పర్సంటైళ్లలో 18 అనేది వర్కింగ్ మెమరీది. అంటే విన్నది కాసేపు బుర్రలో నిలుపుకుని దానితో పని చేయగలగడం. ఆ పరీక్షలో ఒక భాగం ఎలా చేస్తారంటే, సైకాలజిస్టు సెకనుకు ఒకటి చొప్పున అంకెలు చదువుతారు, పిల్లాడు అదే వరసలో తిరిగి చెప్పాలి. తర్వాత వెనక నుంచి ముందుకు చెప్పాలి. ఒకసారి చదివిన వరసను రెండోసారి చదవకూడదని నియమం. మీ బాబు రిపోర్టులో 'పరీక్ష సమయంలో ప్రవర్తన' అన్న పేరాలో రెండు సంగతులున్నాయి: ఆ రోజు జలుబుగా ఉన్నాడు, మాటిమాటికీ 'ఆఁ?' అని అడిగాడు. అంకె సరిగా వినపడకపోయినా మార్కు పోతుంది, గుర్తుండకపోయినా మార్కు పోతుంది. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఆ 18ని నేను ఇప్పుడే నమ్మను. అలాగని కొట్టిపారేయను కూడా. చెవి సంగతి తేలేదాకా పక్కన పెడతాను.

చెవి కారుతోందంటే కర్ణభేరికి చిల్లు పడి ఉండే అవకాశం ఎక్కువ. చూడకుండా కచ్చితంగా చెప్పలేను, ఈఎన్‌టీ డాక్టరు చూసి చెప్పాలి. అలాంటి చెవికి వినికిడి పూర్తిగా పోదు, కొంత మందగిస్తుంది. ఇంట్లో దగ్గరగా మాట్లాడితే వినిపిస్తుంది కాబట్టి మీకు అనుమానం రాదు. యాభైమంది ఉన్న క్లాసులో, ఫ్యాను చప్పుడులో, టీచరు డిక్టేషన్ చెబుతుంటే పదాల చివరి హల్లులు జారిపోతాయి. స్పెల్లింగ్ తప్పుల్లో వాటి వాటా ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఆ చుక్కల మందు ఎవరు రాశారో మీరు చెప్పలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదో, పాత చీటీ మీద తెచ్చుకున్నదో అయి ఉంటుందని నా అనుమానం. నా ఓపీలో వారానికి ఒకరైనా ఇలాంటివాళ్లు వస్తారు. చిల్లున్న చెవిలో కొన్ని రకాల యాంటీబయాటిక్ చుక్కలు లోపలి చెవిదాకా వెళ్లి అక్కడి వినికిడి కణాలనే దెబ్బతీయగలవు. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఆ కోవలోవి. చీము ఆగింది కదా, తగ్గిపోయింది అనుకుంటాం. చిల్లు అలాగే ఉంటుంది, మళ్లీ జలుబు రాగానే మళ్లీ కారుతుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం కూడా ఇంతే. డాక్టరు చూసేదాకా చెవిలో ఏదీ పోయకండి. తలస్నానం అప్పుడు వాజలీన్ రాసిన దూది అడ్డం పెట్టండి. కారేది దుర్వాసన వస్తుంటే ఈ వారమే వెళ్లండి. ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ, టింపనోమెట్రీ అనే రెండు పరీక్షలు చేయమని అడగండి. సూది లేదు, నొప్పి లేదు.

ఇక మీ అంకెలు. పర్సంటైల్ మార్కు కాదు. జేఈఈ మెయిన్ రాసిన పిల్లలున్న ఇళ్లలో ఇది వెంటనే అర్థమవుతుంది. 13 అంటే అదే వయసున్న వందమందిని వరసలో నిలబెడితే సుమారు 13 మంది ఇతని వెనక ఉంటారని. వందలో పదమూడు ప్రశ్నలకే జవాబు చెప్పాడని కాదు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. వరస మధ్యలో పిల్లలు ఒత్తుగా ఉంటారు, చివర్లకు వెళ్లేకొద్దీ పలచబడతారు. అందుకని మధ్యలో చిన్న తేడా కూడా పర్సంటైల్లో పెద్దగా కనిపిస్తుంది. స్కోరు 100 అయితే 50వ పర్సంటైల్, 90 అయితే 25. పది పాయింట్లకే సగానికి సగం పడిపోయినట్టు అనిపిస్తుంది. కాబట్టి పర్సంటైల్ ఒక్కటే చూసి కంగారు పడకుండా పక్కనున్న స్కోరు చూడండి.

మీ బాబువి వరసగా: మాటలతో ఆలోచించడం 108, బొమ్మలు, ఆకారాలతో ఆలోచించడం 110, వర్కింగ్ మెమరీ 86, పని వేగం 83. ఆ 13వ పర్సంటైల్ ఈ 83దే. 90 నుంచి 109 దాకా సగటు అంటారు, 80 నుంచి 89 దాకా సగటు కంటే కాస్త తక్కువ అంటారు. 83 పక్కన బ్రాకెట్లో 76–94 అని ఉంది చూశారా? అసలు స్కోరు ఆ హద్దుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. బరువు తూచే కాటాలో ముల్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, అలాంటిదే. ఆ హద్దులు చదవకుండా 83 దగ్గర గీత గీసి పిల్లాడికి పేరు పెట్టేయకూడదు.

మొత్తం ఐక్యూ 99 అనేది ఈ నాలుగూ కలిపితే వచ్చింది. పెద్దదానికీ చిన్నదానికీ 27 తేడా ఉంది. తేడా 23 అంతకు మించి ఉంటే ఆ ఒక్క అంకె పిల్లాడిని సరిగా చూపించదని మేం అనుకుంటాం. మీ బాబు ఆలోచనలో 99 కాదు, అంతకంటే మెరుగే. కాగితం మీద పెట్టడంలో మాత్రం నెమ్మది. పని వేగం పరీక్షలు రెండూ రెండేసి నిమిషాలవి, చూసి పెన్సిల్‌తో గుర్తులు పెట్టడమే. వాటికి చెవితో పనిలేదు. అందుకే చెవి బాగైనా ఈ నెమ్మది కొంత మిగలొచ్చు.

చదవడం, స్పెల్లింగ్ పరీక్ష నిమ్హాన్స్ బ్యాటరీ అనే పరీక్షల కట్టతో చేశారు. లెక్కలు నాలుగో తరగతి స్థాయిలోనే ఉన్నాయి, చదవడం మాత్రం రెండు తరగతులు వెనక. ఆలోచన బాగుండి చదవడం ఇంతగా వెనకబడితే డిస్లెక్సియాను, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే సమస్యను, అనుమానించాలి. రిపోర్టులో కూడా 'సూచిస్తోంది' అని రాశారు, 'ఉంది' అని రాయలేదు. జాగ్రత్తగానే రాశారు. వాళ్లు పరీక్షించినది ఇంగ్లిష్ చదువు. తెలుగులో ఎలా చదువుతాడో ఎవరూ చూడలేదు. ఇది మీరే ఇంట్లో చూడొచ్చు. రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చి గట్టిగా చదవమనండి. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి డిస్లెక్సియా ఉన్న పిల్లలు తప్పులు తక్కువే చేయొచ్చు గానీ కూడబలుక్కుంటూ చాలా నెమ్మదిగా చదువుతారు, వత్తులూ గుణింతాలూ కలిసిన చోట ఆగిపోతారు. తెలుగు సాఫీగా చదివేసి ఇంగ్లిషే రాకపోతే సమస్య వేరే. రెండింట్లోనూ తంటాలు పడితే తెలుగు మీడియంలోకి మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. మీ మీడియం ప్రశ్నకు నా జవాబు ఆ వాచకంలో ఉంది.

ఇంకొకటి, మొదటి పేజీలో పుట్టిన తేదీ చూడండి. స్కోర్లు వయసును నెలలతో సహా లెక్కగట్టి ఇస్తారు. బళ్లో వేసేటప్పుడు తేదీ ముందుకో వెనక్కో రాయించడం మన దగ్గర మామూలే. అసలు వయసు కంటే ఆరు నెలలు పెద్దవాడిగా రాసి ఉంటే, తనకంటే పెద్ద పిల్లలతో పోల్చారన్నమాట. స్కోరు కొంత తగ్గుతుంది. అలా ఉంటే ఆ సైకాలజిస్టుకు ఫోన్ చేయండి. మళ్లీ పరీక్ష అక్కర్లేదు, లెక్క సరిచేసి ఇస్తారు.

వేరేచోట ఇప్పుడే మళ్లీ చేయించొద్దు. అవే ప్రశ్నలు, బాబుకు గుర్తుంటాయి. ఐక్యూ పరీక్షకు కనీసం ఏడాది ఎడం ఉండాలని సాధారణంగా చెబుతాం. చెవిలో లోపం బయటపడితే మాత్రం చికిత్స అయ్యాక వర్కింగ్ మెమరీ భాగం ఎప్పుడు మళ్లీ చూడాలో పరీక్ష చేసినవారినే అడగండి.

అంతదాకా ఊరికే కూర్చోమని కాదు. అసలు నా బాధే ఆ పోయిన ఏడు నెలల గురించి. రిపోర్టులో వారానికి మూడు రెమెడియల్ క్లాసులు అని రాశారు. మీరు ట్యూషన్ పెట్టించి ఉంటారు. రెండూ ఒకటి కాదు. ట్యూషన్లో నాలుగో తరగతి పాఠమే ఇంకోసారి చెబుతారు. రెమెడియల్ టీచరు వెనక్కి వెళ్లి అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకె దగ్గర మొదలుపెడతారు. నెల తర్వాత టీచర్ని 'ఈ నెల ఏ శబ్దాలు నేర్పారు?' అని అడగండి. 'సిలబస్ అవుతోందండి' అంటే అది ట్యూషనే.

బడిలో అడగాల్సినవి మూడు: ముందు బెంచీ, బోర్డు మీది పాఠం నోటుబుక్కులోకి ఎక్కించే పని తగ్గించడం, పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనం. ముందు బెంచీ చెవికీ పనికొస్తుంది, అదనపు సమయం ఆ 83 కోసం. నాలుగో తరగతిలో వీటికి ఈ రిపోర్టు చూపిస్తే చాలా బళ్లు ఒప్పుకుంటాయి. బోర్డు పరీక్షల నాటికి మాత్రం ప్రైవేటు రిపోర్టు చాలదు, ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ చదువు సమస్యలు కూడా ఉన్నాయి. దానికి ఇంకా టైముంది.

కాగితం మీద చూసి చెప్పిన మాటలివి, పిల్లాడిని చూసి చెప్పినవి కావు. ఆడియోమెట్రీ గ్రాఫు, బాబు తెలుగు చదువుతుండగా ఫోన్లో తీసిన రెండు నిమిషాల వీడియో, ఈ రిపోర్టు, మూడూ పట్టుకుని మీ దగ్గర్లోని పిల్లల డాక్టర్ని కలవండి. ఇప్పుడు వేస్తున్న చుక్కల మందు సీసా కూడా తీసుకెళ్లండి.