బిస్కెట్టు ఇక్కడ, చప్పుడు అక్కడ

హైదరాబాద్,
ఆదివారం సాయంత్రం.

తమ్ముడూ,

నీ స్క్రిప్టు చదివాను. ఎనిమిది నిమిషాల సినిమాలో అయిదు చోట్ల 'మ్యాచ్ కట్' అని, అంటే ఒక షాట్‌లోని ఆకారమో కదలికో దాన్ని పోలిన ఇంకో షాట్‌కి అతికేలా కట్ చెయ్యాలని రాశావు. నాలుగు కొట్టేశాను, తిట్టుకోకు. ఒక్కటి మాత్రం నిజంగా బాగుంది, దాని గురించే ఈ ఉత్తరం.

నాంపల్లి ఇరానీ హోటల్లో కుర్రాడు నాన్నకి ఫోన్ చెయ్యాలా వద్దా అని కూర్చున్నాడు. పరీక్ష పోయింది, ఇంకో ఏడాది కోచింగ్‌కి డబ్బులడగాలి. చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్టు మెత్తబడి, విరిగి కప్పులో పడుతుంది. కట్ చేస్తే ఊళ్ళో బావి, తాడు తెగి బొక్కెన నీళ్ళలో పడుతుంది. పైనుంచి చూస్తే కప్పు గుండ్రం, బావి గుండ్రం. నువ్వు ఇంతవరకే ఆలోచించావు. గుండ్రమొక్కటే అయితే దోశకీ చందమామకీ కూడా కట్ చెయ్యొచ్చు. ఈ కట్‌ని నిలబెట్టేది, ఆ తర్వాత నువ్వు ఒక్క లైనులో రాసి వదిలేసిన సంగతి: నాన్న తిట్టకుండా పాతాళ గరిగె తెచ్చి, గంటసేపు ఓపిగ్గా వెతికి బొక్కెన తీస్తాడు. కుర్రాడు ఫోన్ ఎందుకు చేస్తాడో ప్రేక్షకుడికి అర్థమయ్యేది అక్కడే. దాన్ని పెంచు.

ఇక తియ్యడం. ముందు బావి షాట్ తియ్యి, తర్వాత కప్పు. బావి గట్టు మీదనుంచి కెమెరా ఎంత ఎత్తుకి పోతుందో అంతే, అంతకు మించి నీ చేతుల్లో ఉండదు. టేబుల్ మీద కప్పుకి మాత్రం కెమెరాని అంగుళం కిందికీ పైకీ జరుపుకోవచ్చు. బావి షాట్‌లో నువ్వు కట్ చెయ్యదలుచుకున్న ఫ్రేము స్క్రీన్‌షాట్ తీసి హోటల్‌కి పట్టుకెళ్ళు. బావి అంచు ఫ్రేములో ఎక్కడుందో, ఎంత ఉందో, కప్పు అంచూ అక్కడే అంతే ఉండాలి. తాడు ఫ్రేములోకి ఏ పక్కనుంచి వస్తే చెయ్యీ ఆ పక్కనుంచే రావాలి. ఎడిటింగ్‌లో ఒక క్లిప్ మీద ఇంకోటి పెట్టి, పైదాని ఒపాసిటీ 50 చేస్తే రెండు అంచులూ కలిశాయో లేదో తెలుస్తుంది. 4కే లో తీసి 1080 లో ఇస్తే కొద్దిగా జరుపుకోడానికి చోటూ ఉంటుంది. (బావి మీదికి వంచే ఫోనుకి తాడు కట్టడం మరవకు. లేకపోతే దానికి మళ్ళీ పాతాళ గరిగె వెతుక్కోవాలి.)

ఇంత పట్టింపు ఎందుకంటే నాకు తగిలింది. నా మొదటి సినిమాలో సీలింగ్ ఫ్యాన్ నుంచి ఆటో చక్రానికి కట్ చేశాను. ఫ్యాన్ ఫ్రేములో పై మూల, చక్రం కింది మూల. పైగా ఒకటి ఒకవైపు తిరుగుతుంటే రెండోది ఇంకోవైపు. చూసినవాళ్ళందరూ "ఆ ఆటో ఎవరిది?" అనే అడిగారు. కట్ అయినప్పుడు కన్ను అంతకుముందు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. మనం చూపించాలనుకున్నది వేరే మూలన ఉంటే వెతుక్కుంటుంది, ఆ వెతుకులాటలో కథ జారిపోతుంది.

ఎక్కడ కొయ్యాలంటే, బిస్కెట్టు ముక్క చాయ్‌ని తాకబోయే ఫ్రేములో. నీళ్ళు చిందడం బావిలోనే చూపించు. రెండు చోట్లా చిందితే ఒకే సంగతి రెండుసార్లు జరిగినట్టుంటుంది. పడటం ఇక్కడ, చప్పుడు అక్కడ అయితే రెండు షాట్లూ ఒకే కదలికగా అతుక్కుంటాయి.

శబ్దం సంగతీ చూడు. గిలక కీచుమనడం కట్‌కి ఒక సెకను ముందే హోటల్ సీన్ కింద సన్నగా మొదలుపెట్టు. పాత ఫ్యానేమో అనుకుంటారు, అనుకోనీ. కట్ అవగానే హోటల్ గోల టక్కున ఆగిపోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. బావి చూడగానే "ఊరికెళ్ళాడా?" అని అడుగుతారు. ఇది చిన్నప్పటి సంగతని నీకు తెలుసు, వాళ్ళకెలా తెలుస్తుంది? "పదేళ్ళ క్రితం" అని అక్షరాలు వెయ్యకు. రెండో షాట్‌లోనే తెగిన తాడు పట్టుకున్న పిల్లాడి చేతులు చూపించు. ఇంట్లో పిలిచే ముద్దుపేరు హోటల్ సీన్‌లోనే ఫ్రెండ్ నోట ఒకసారి అనిపించి, బావి దగ్గర నాన్న అదే పేరుతో పిలిచేట్టు రాయి. పోలిక ఒక్కదాంట్లో ఉండాలి, ఎండా బట్టలూ చప్పుళ్ళూ అన్నీ వేరుగా ఉండాలి. హోటల్ లైటూ బావి దగ్గర వెలుగూ రెండూ పసుపుగా గ్రేడ్ చేశావంటే మళ్ళీ మొదటికొస్తావు.

తిరిగి రావడానికి దారి నీ స్క్రిప్టులోనే ఉంది, నువ్వు చూసుకోలేదు. గరిగెకి తగులుకున్న బొక్కెన నీళ్ళలోంచి పైకి లేస్తుంది, కట్, చెంచాతో మునిగిన బిస్కెట్టు పైకి వస్తుంది. అదే ఫ్రేము, అదే గుండ్రం. ఈసారి ఎవరికీ అయోమయం ఉండదు, దారి ఒకసారి చూసిందే కదా.

రఫ్ కట్ అయ్యాక కథ తెలియనివాళ్ళకి సౌండ్ తీసేసి చూపించు. బావి దగ్గర ఆపి, ఆ పిల్లాడెవరని అడుగు. నీ రూమ్మేట్‌ని మాత్రం అడగొద్దు, వాడికి కథంతా వచ్చు.

వచ్చే ఆదివారం మా ఇంటికి రా, బావి ఫుటేజ్ తీసుకుని. చాయ్ నేను పెడతాను, బిస్కెట్లు నువ్వు తేవాలి.

మీ అన్నయ్య