ఆడవాళ్లు బహువచనంలో ఎటు చేరుతారు?

చిరంజీవి మేనకోడలికి పుత్తూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

తిరుపతికి చదువుల కోసం వచ్చిన తమిళ, హిందీ విద్యార్థులకు నీవు తెలుగు పాఠాల పుస్తకం రాస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు, మన ఇంట్లో నా తరువాత కూడా ఒకరికి ఈ పని మీద మనసు పోయిందని పొంగిపోయాను. ఆ తరువాత ఆమె పంపిన ఒక పుట ఫోటో చూసి మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందులో నీవు ఇలా రాశావు: ‘మగవారిని, దేవుళ్లను తెలిపే మాటలు మహత్తులు, తక్కినవన్నీ అమహత్తులు. అందువల్ల స్త్రీలను తెలిపే మాటలు ఏకవచనంలోనూ బహువచనంలోనూ నపుంసకంతో కలిసిపోతాయి.’ ఇందులో ‘బహువచనంలోనూ’ అన్న ఒక్క మాట తప్పు. ఎన్నో ఏళ్ల క్రితం నేను కూడా నల్లబల్ల మీద ఇదే మాట రాశాను.

ఏకవచనం సంగతి నీవు సరిగానే చెప్పావు. అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. క్రియ చివర ఆమెకూ ఆవుకూ తేడా లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరి బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. తరగతిలో సగం మంది ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు. వాళ్లకు ఏకవచనంలో మూడు రూపాలు అలవాటు: అవన్ వందాన్, అవళ్ వందాళ్, అదు వందదు. తెలుగులో రెండే ఉంటాయని చెప్పడం తేలికని తోచి, ‘మగవాళ్లు ఒక వర్గం, తక్కిన ప్రపంచమంతా మరొక వర్గం, ఏకవచనమైనా బహువచనమైనా ఇంతే’ అని సూత్రం కట్టాను. వారం తరువాత గంగమ్మ జాతర మీద వ్యాసం రాయమంటే ఒక కుర్రవాడు పొందికైన దస్తూరితో ఇలా రాశాడు: ‘అమ్మలక్కలు పొంగళ్లు పెట్టినాయి. మగవాళ్లు వేషాలు వేసినారు.’ నేను ‘పెట్టినాయి’ కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, అందరి ముందూ వాడిని నిలబెట్టి, ఆడవాళ్లను ఆవులతో కలుపుతావా అని మందలించాను. వాడు ఏడవలేదు. నోటుపుస్తకం వెనక్కి తిప్పి, నేను చెప్పగా తాను రాసుకున్న సూత్రాన్ని వేలితో చూపించాడు. ఆ వేలు ఆ అక్షరాల కింద కదిలిన తీరు నాకు ఈనాటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆలోచిస్తే మరింత బాధపడవలసిన సంగతి తెలిసింది. తమిళంలో కూడా బహువచనానికి వచ్చేసరికి ఆడా మగా ఒకటైపోయి ‘అవర్గళ్ వందార్గళ్’ అంటారు. అంటే నేను ఏమీ చెప్పకుండా ఉండి ఉంటే, వాడి ఇంటి భాషే వాడిచేత ‘పెట్టినారు’ అని సరిగ్గా రాయించేది. వాడికి వచ్చినదానిని నా సూత్రం చెడగొట్టింది. మరునాడు తరగతిలో తప్పు నాదేనని చెప్పి ఆ గీతలను కొట్టివేశాను గాని, ఎర్రసిరా చెరగలేదు. నీ పుస్తకం పట్టుకున్న ఏ తమిళ పిల్లవాడికీ అటువంటి రోజు రాకూడదన్నదే నా భయం.

నిజానికి మన వ్యాకరణాలు స్త్రీవాచకాలకు ‘మహతి’ అని వేరే పేరు పెట్టింది ఇందుకే. మహతి ఏకవచనంలో అమహత్తుతో నడుస్తుంది, బహువచనంలో మహత్తుతో నడుస్తుంది. అన్నలు వచ్చారు, అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఏకవచనంలో గీత మగవారికీ తక్కినవాటికీ మధ్య పడితే, బహువచనంలో అదే గీత మనుషులకూ మనుషులు కానివాటికీ మధ్యకు జరుగుతుంది. నేను నేర్చుకున్న గ్రాంథికంలోనే దీనికి సాక్ష్యం ఉంది. రాముడు వచ్చెను, సీత వచ్చెను, గుఱ్ఱము వచ్చెను అన్నప్పుడు ఏ తేడా కనిపించదు గాని, బహువచనంలో స్త్రీలు వచ్చిరి, గుఱ్ఱములు వచ్చెను అని విడిపోతాయి. అన్నేళ్లు చదివినా నేను దానిని గమనించలేదు. నీవు రాసిన సూత్రం సరిపోయే భాషలు లేకపోలేదు. ఆదిలాబాదు వైపు గోండీ, కొలామీ భాషలలో స్త్రీలు బహువచనంలో కూడా అమహత్తు వైపే ఉంటారు. తెలుగు ఆ దారిన పోలేదు.

విద్యార్థి తనంతట తాను సరిచూసుకోవడానికి లెక్కలను మించిన పరీక్ష లేదు. ఇద్దరు అన్నలు, ఇద్దరు అక్కలు, రెండు ఆవులు. ‘ఇద్దరు’ అని లెక్కపెట్టగలిగితే క్రియ చివర ‘రు’ వస్తుంది, ‘రెండు’ అనవలసి వస్తే ‘యి’ వస్తుంది. కొందరు, కొన్ని అన్న మాటలు కూడా ఈ దారిలోనే విడిపోతాయి. హిందీ పిల్లలకు ఇంకొక్క మాట చెప్పు. వాళ్ల భాషలో రొట్టె కూడా స్త్రీలింగమే గనుక కుర్చీ ఏ లింగమని అడుగుతారు. తెలుగులో వస్తువుకు ఆ బెడద లేదని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగు.

‘బిడ్డ’ అన్న మాటకు మాత్రం కొంచెం చోటు ఇవ్వు. నీవు పుట్టిన రోజు చిత్తూరు నుంచి మీ అమ్మమ్మ ఫోను చేసి ‘బిడ్డ పుట్టింది’ అన్నది. ఆడపిల్లా మగపిల్లవాడా అని నేను మళ్లీ అడగవలసి వచ్చింది, ఎందుకంటే మగశిశువైనా ‘బిడ్డ ఏడ్చింది, బిడ్డ నిద్రపోయింది’ అనే అంటాము. కాని బహువచనంలో ఆ బిడ్డలే మనుషుల వైపు చేరిపోతారు. ‘పక్కింట్లో కవల పిల్లలు పుట్టారు’ అంటాము, ‘పక్కింటి పిల్లికి మూడు పిల్లలు పుట్టాయి’ అంటాము. పిల్లలు అన్న మాట ఒకటే అయినా, ఎవరి పిల్లలో క్రియ చెబుతుంది. నీ పాఠంలో ఈ రెండు వాక్యాలను పక్కపక్కన అచ్చువేయిస్తే సూత్రం కంటే బాగా పట్టుబడుతుంది.

ఇంకొక విషయంలో నిన్ను కోప్పడక తప్పదు. నీ పట్టికలో స్త్రీకి ఎదురుగా ‘అది’ అని మాత్రమే రాశావు. చిన్నప్పుడు నిన్ను ‘అది నిద్రపోయిందా?’ అని ముద్దుగానే అడిగేవాళ్లము. అదే మాట ఒక కొత్త విద్యార్థి తాను అద్దెకున్న ఇంటి యజమానురాలి గురించి అంటే ఆ పూటే గది ఖాళీ చేయవలసి వస్తుంది. క్రియ ఒకటే అయినంత మాత్రాన సర్వనామం ఒకటే కాదు. ఆమె వచ్చింది అని రాయి. మన వైపు మాటగా ఆయమ్మ వచ్చింది అని కూడా చేర్చు. గౌరవించి చెప్పవలసినప్పుడు ‘టీచరుగారు వచ్చారు’ అని నేర్పు. ఒక్క స్త్రీ గురించే అయినా, గౌరవంతో బహువచనం వాడగానే ఆమెకు కూడా మగవారికి వాడే ‘రు’ వచ్చిందని అక్కడే చూపించు.

మనుషులనూ పశువులనూ ఒకే కర్తగా చేసిన వాక్యాలను అభ్యాసంలో పెట్టకు. ‘రైతూ ఎద్దులూ’ అని మొదలుపెడితే వచ్చారు అన్నా, వచ్చాయి అన్నా చెవికి ఇబ్బందిగానే ఉంటుంది. మనం మామూలుగా ‘ఎద్దులను తోలుకొని రైతు వచ్చాడు’ అని వాక్యాన్నే మార్చుకుంటాము.

ఆ పుట అచ్చుకు పోకముందే ‘బహువచనంలోనూ’ అన్న మాట కొట్టివేసి, అక్కల వాక్యం, ఆవుల వాక్యం చేర్చి నాకు ఒకసారి పంపించు తల్లీ. కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలు కూడా బాగానే కనిపిస్తున్నాయి.

ఇట్లు,
నీ మామయ్య