కాస్ట్ షీట్: అమ్మకపు ధర 3,75,000 ఎలా వస్తుంది?

“ముడిసరుకు ప్రారంభ నిల్వ 20,000, కొనుగోళ్లు 1,50,000, ముగింపు నిల్వ 30,000, ప్రత్యక్ష వేతనాలు 80,000, ఫ్యాక్టరీ ఖర్చులు 40,000, కార్యాలయ ఖర్చులు 26,000, అమ్మకపు ఖర్చులు 14,000 రూపాయలు; లాభం అమ్మకాలపై 20 శాతం. నాకు 3,72,000 వస్తోంది, పుస్తకంలో 3,75,000 ఉంది. తప్పెక్కడండీ?”

మీ లెక్కలో రెండు తప్పులు ఉన్నాయండీ. అవి కొంతవరకు ఒకదాన్నొకటి కప్పివేయడం వల్ల తేడా 3,000 మాత్రమే కనిపిస్తోంది.

మీరు కొనుగోళ్లను యథాతథంగా తీసుకున్నట్లున్నారు. కాస్ట్ షీట్‌లోకి వచ్చేది కొన్న సరుకు కాదు, వాడిన సరుకు. అంటే ప్రారంభ నిల్వకు కొనుగోళ్లు కలిపి, ముగింపు నిల్వ తీసివేయగా మిగిలే 1,40,000. దీనికి వేతనాలు కలిపితే ప్రైమ్ కాస్ట్ 2,20,000 అవుతుంది. ఫ్యాక్టరీ ఖర్చులతో ఫ్యాక్టరీ వ్యయం 2,60,000, కార్యాలయ ఖర్చులతో ఉత్పత్తి వ్యయం 2,86,000. తయారైన సరుకు నిల్వలేవీ ఇవ్వలేదు కనుక ఈ మొత్తానికే నేరుగా అమ్మకపు ఖర్చులు కలపవచ్చు. అమ్మకాల వ్యయం 3,00,000.

రెండో తప్పు లాభంలో ఉంది. అమ్మకపు ధర 100 అనుకుంటే అందులో లాభం 20, వ్యయం 80. కాబట్టి వ్యయంపై లెక్కించినప్పుడు అది 20 శాతం కాదు, నాలుగో వంతు. 3,00,000లో నాలుగో వంతు 75,000 కలిపితే అమ్మకపు ధర 3,75,000 వస్తుంది. సరిచూసుకోవడానికి 3,75,000లో 20 శాతం కట్టి చూడండి, అదే 75,000 రావాలి.